యూఎస్‌బీ మైకులో గొంతు పీలగా, కరుకుగా ఎందుకొస్తుంది: దూరం, గెయిన్ సరిచేసిన ప్రాజెక్టు డైరీ

దశ 0: మొదటి కొలత

తిరుపతిలో మిద్దె మీది గది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పైన స్లాబు, కింద టైల్స్, ఒక కిటికీ, సీలింగ్ ఫ్యాన్. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళ కోసం తెలుగు వ్యాకరణ పాఠాలు రికార్డు చేయాలి. మైకు యూఎస్‌బీ కండెన్సర్, కార్డియాయిడ్ రకం. అంటే ముందువైపు బాగా వింటుంది, వెనకవైపు చాలా తక్కువ వింటుంది. డబ్బాలో వచ్చిన చిన్న స్టాండు మీదే బల్లపై నిలబెట్టారు. వెనక, మట్టం పెంచి తగ్గించే గెయిన్ నాబ్ ముప్పావు వంతు తిప్పి ఉంది.

వింటే రెండు లోపాలు. గొంతులో కండ లేదు, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. శ, ష, స వచ్చినప్పుడల్లా చెవిలో గీరుతోంది. మైకు నాసిరకం అనుకుని మార్చే ముందు కొలవడం మంచిది. ఈ డైరీ అంతా ఒకే పద్ధతిలో కొలిచింది:

1. రికార్డు నొక్కి ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. అది గది నిశ్శబ్దం.
2. తర్వాత పాఠం చెప్పే గొంతుతోనే ఈ వాక్యం చదవాలి: "శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ఇసుక, పాకాలలో పప్పుబెల్లం, భాకరాపేట ఘాటులో చలి." ఇందులో గీరే అక్షరాలు, గాలి కొట్టే అక్షరాలు రెండూ ఉన్నాయి.
3. సగటు మట్టం కోసం అడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో మాటల భాగాన్ని మాత్రమే ఎంచుకుని `Analyze > Measure RMS`. నిశ్శబ్దం భాగానికీ అంతే.
4. అత్యధిక మట్టం కోసం మాటల భాగాన్ని ఎంచుకుని `Amplify` తెరవాలి. అది చూపే అంకె 4 అయితే శిఖరం మైనస్ 4 అన్నమాట. అంకె చూసుకుని `Cancel` నొక్కాలి.

ఇక్కడ సున్నా డెసిబెల్ అంటే పైకప్పు. దాన్ని దాటే దారి లేదు. అందుకే అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి.

మొదటి లెక్క: నోటికీ మైకుకీ మధ్య 54 సెంటీమీటర్లు. మాట సగటు మైనస్ 24, శిఖరం మైనస్ 4, నిశ్శబ్దం మైనస్ 48. మాటకూ నిశ్శబ్దానికీ మధ్య తేడా 24 డెసిబెల్స్. పాఠం వినేవాళ్ళకు ఇది చాలదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఫ్యాన్ హోరు తేటగా వినబడుతుంది.

దశ 1: ముందుగా తీసేయాల్సిన అనుమానాలు

మైకు ముఖం ఎటుందో చూడాలి. నిలువుగా నిలబడే యూఎస్‌బీ కండెన్సర్లలో ఎక్కువ భాగం పక్కనుంచి వినేవి. కంపెనీ గుర్తు ఉన్న వైపు గానీ, కార్డియాయిడ్ బొమ్మ ఉన్న వైపు గానీ నోటికి ఎదురుగా ఉండాలి. పాటల మైకులా పై కొసలోకి మాట్లాడితే గొంతు దూరంగా, పల్చగా వస్తుంది. ఇక్కడ ముఖం సరిగానే ఉంది. మైకు మీద రకం మార్చే స్విచ్ ఉంటే అది అన్ని వైపులా వినే ఓమ్నీలో ఉండిపోలేదని కూడా చూడాలి.

రెండోది విండోస్. ధ్వనిని "మెరుగుపరిచే" సాధనాలు ఫ్యాన్ హోరుతో పాటు గొంతు కింది భాగాన్నీ కోసేస్తాయి. `Settings > System > Sound`లో మైకు పేరు నొక్కి `Audio enhancements`ను `Off` చేశాం. కొద్ది తేడా వచ్చింది, నీళ్ళలో మాట్లాడినట్టుండే ధ్వని పోయింది. పీలతనం మాత్రం అలాగే ఉంది.

దశ 2: గెయిన్ ఒక్కటే తగ్గించి చూడటం (పనిచేయలేదు)

గెయిన్ తగ్గిస్తే గది శబ్దం తగ్గి గొంతు తేటపడుతుందని చాలామంది నమ్మకం. నాబ్‌ను 12 డెసిబెల్స్ మేర తగ్గించి, కూర్చున్నచోటే కూర్చుని అదే వాక్యం చదివించి కొలిచాం.

మాట మైనస్ 36. నిశ్శబ్దం మైనస్ 60. తేడా మళ్ళీ 24.

ఫైలును 12 డెసిబెల్స్ పెంచి పాతదాని పక్కన వింటే రెండూ ఒకటే. గెయిన్ అనేది మైకు విన్నదాన్నంతా ఒకే పాళ్ళలో పెంచుతుంది, తగ్గిస్తుంది. ఏది గొంతో, ఏది ఫ్యానో, ఏది గోడనుంచి తిరిగొచ్చిన మాటో దానికి తెలీదు. గెయిన్ పెంచితే మైకు దూరంవరకు వింటుందన్న మాటలోనూ నిజం లేదు. వినేది ఎప్పుడూ అంతే, మనకు వినబడే మట్టమే మారుతుంది. గొంతుకూ గదికీ మధ్య నిష్పత్తిని మార్చేది దూరమే.

దశ 3: ఈక్వలైజర్‌తో బేస్ కలపడం (పనిచేయలేదు)

గొంతు పీలగా ఉంటే కింది స్థాయి పెంచాలని ఎవరికైనా తోస్తుంది. 200 హెర్ట్జ్ కింద 6 డెసిబెల్స్ పెంచి చూశాం. ఫ్యాన్ హోరు, రోడ్డు మీద బస్సుల గురగుర కూడా అంతే పెరిగాయి. గొంతు గుబురుగా మారింది గానీ రేకు డబ్బా ధ్వని పోలేదు. ఆ ధ్వని బేస్ లేకపోవడం వల్ల మాత్రమే వచ్చింది కాదు, బల్ల వల్ల కూడా వచ్చింది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

దశ 4: బల్ల చేసే పని, దూరం చేసే పని

మైకు బల్లకు 20 సెంటీమీటర్ల పైన ఉంది, నోరు 40 సెంటీమీటర్ల పైన. మధ్యలో అడ్డంగా 50. టేపుతో కొలిచి లెక్క వేస్తే:

1. నోటినుంచి మైకుకు నేరుగా వచ్చే దారి సుమారు 54 సెంటీమీటర్లు.
2. నోటినుంచి బల్లకు తగిలి పైకి లేచి మైకుకు చేరే దారి సుమారు 78 సెంటీమీటర్లు.
3. తేడా 24 సెంటీమీటర్లు.

గదిలో 30 డిగ్రీల వేడి ఉంటే ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. ఏ శబ్దానికి తరంగం పొడవు 48 సెంటీమీటర్లు ఉంటుందో, ఆ శబ్దం బల్లనుంచి వచ్చేసరికి సరిగ్గా తలకిందులై నేరుగా వచ్చినదాన్ని కొట్టేస్తుంది. అది 720 హెర్ట్జ్ దగ్గర. మళ్ళీ దానికి మూడింతల దగ్గర, ఐదింతల దగ్గర కూడా ఇలాగే గుంటలు పడతాయి. అంటే 2,170 దగ్గర, 3,600 దగ్గర. మధ్యలో రెండూ కలిసి గుట్టలు లేస్తాయి. బల్ల నుంచి వచ్చేది నేరుగా వచ్చేదానికన్నా 3 డెసిబెల్సే తక్కువ కాబట్టి గుంట దాదాపు 10 డెసిబెల్స్ లోతు ఉంటుంది, గుట్ట నాలుగున్నర ఎత్తు ఉంటుంది.

అచ్చుల ఒంపు, హల్లుల స్పష్టత ఉండేది ఈ ప్రాంతంలోనే. డబ్బా ధ్వని ఇక్కడిదే. ఈక్వలైజర్ దీన్ని ఎందుకు పూడ్చలేదంటే, తల నాలుగు సెంటీమీటర్లు కదిలితే గుంటలు కూడా చోటు మారతాయి. పుస్తకం వైపు వంగి చదివేవాళ్ళ విషయంలో గుంట ఒకచోట నిలవదు.

మొదట మైకు కింద పుస్తకాల కట్ట పెట్టి దగ్గరకు జరిపాం. మట్టం పెరిగింది, గొంతు కొంత నిండింది. కానీ పేజీ తిప్పినా, చేయి బల్లకు తగిలినా ఆ దడ పుస్తకాల గుండా నేరుగా మైకులోకి ఎక్కింది. పుస్తకాలు తీసేసి బల్ల అంచుకు బిగించే బూమ్ ఆర్మ్ కొన్నాం. బూమ్ ఆర్మ్ వల్ల మైకు బల్లకు 38 సెంటీమీటర్ల పైకి లేచింది, నోటికి 14 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చింది.

ఇప్పుడు నేరు దారి 14, బల్ల దారి 79. బల్లనుంచి వచ్చేది 15 డెసిబెల్స్ కింద ఉంది. అందువల్ల గుంటలు ఒకటిన్నర డెసిబెల్‌కు అటూ ఇటూ మిగిలాయి. చెవి పట్టించుకోదు.

దూరం సగమైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 54 నుంచి 14కు రావడంలో పెరిగింది దాదాపు 12. ఫ్యాన్ శబ్దం, గోడలనుంచి తిరిగొచ్చే మాట మైకు ఎక్కడున్నా ఇంచుమించు అంతే ఉంటాయి. కాబట్టి ఆ 12 మొత్తం లాభమే. దీనికి తోడు కార్డియాయిడ్ మైకులకు ఒక గుణం ఉంది: నోరు దగ్గరయ్యే కొద్దీ గొంతు కింది స్థాయి వాటంతటదే బలపడుతుంది. దశ 3లో ఈక్వలైజర్‌తో తేవాలనుకున్న నిండుదనం ఇక్కడ ఫ్యాన్ హోరు పెరగకుండా వచ్చింది.

గెయిన్‌ను తగ్గించాల్సింది ఇప్పుడు. దశ 2 గెయిన్‌తోనే శిఖరం మైనస్ 4కు చేరింది కాబట్టి నాబ్‌ను ఇంకో 6 డెసిబెల్స్ తగ్గించాం.

ఇప్పటివరకు లెక్క: దూరం 14 సెంటీమీటర్లు. మాట మైనస్ 30, శిఖరం మైనస్ 10, నిశ్శబ్దం మైనస్ 66. తేడా 36. ఖర్చు: బూమ్ ఆర్మ్ 1,100 రూపాయలు.

తరంగం సన్నగా కనిపిస్తోందని కంగారుపడి నాబ్ మళ్ళీ పెంచేవాళ్ళు చాలామంది. అవసరం లేదు. 16 బిట్ రికార్డింగులో కూడా 96 డెసిబెల్స్ చోటుంది. శిఖరం మైనస్ 10 దగ్గర ఉంటే పోయేదేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు.

దశ 5: ఇంకా దగ్గరకు వెళ్ళడం (వెనక్కి వచ్చాం)

14 బాగుంటే 5 ఇంకా బాగుండాలి కదా అని 5 సెంటీమీటర్లకు జరిపి చూశాం. గొంతు కుండలోంచి వచ్చినట్టు గుమ్మంది. "భాకరాపేట"లో భ దగ్గర గాలి దెబ్బ మీటరును ఎర్రగా చేసింది. తెలుగులో ప కన్నా భ, ఫ ఎక్కువ గాలి కొడతాయి. ఆంగ్లం మాటలకు సరిపోయిన అమరిక వ్యాకరణ పాఠానికి సరిపోతుందని అనుకోకూడదు. మహాప్రాణాలు చెప్పే పాఠంలో ఇది ప్రతి నిమిషం ఎదురవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు కదలిక. 5 సెంటీమీటర్ల దగ్గర తల మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతే మట్టం 4 డెసిబెల్స్ పడిపోతుంది, బేస్ కూడా దానితో పోతుంది. 14 దగ్గర అదే కదలికకు పడేది 2 డెసిబెల్స్ లోపే. పుస్తకం చూస్తూ చదివేవాళ్ళకు 12 నుంచి 16 మధ్య ఉంచడం మేలు. స్కేలు అక్కర్లేదు: పిడికిలి బిగించి బొటనవేలు చాచి, చిటికెన వేలి వైపు మైకుకు ఆనిస్తే బొటనవేలి కొస నోటి దగ్గరకు రావాలి.

దశ 6: శ, ష, స గీరడం

నిండుదనం వచ్చాక కరుకుదనం ఇంకా స్పష్టంగా బయటపడింది. దీనికి కారణం వేరు. తక్కువ ధర కండెన్సర్లలో చాలావాటిని పై స్థాయి కొంచెం ఎత్తుగా ఉండేలా తయారుచేస్తారు, దుకాణంలో వింటే "తేటగా" అనిపిస్తుంది. స శబ్దపు బలం కూడా 6,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. ష కొంచెం కిందుంటుంది. "చలి", "చాప"లో పళ్ళకు ఆనించి పలికే చ కూడా స లాగే గీరుతుంది. ఈ గాలి నోటినుంచి సన్నటి ధారలా ముందుకు వస్తుంది, గొంతు బేస్ మాత్రం అన్ని వైపులా పరుచుకుంటుంది. ఆ తేడానే వాడుకోవాలి.

1. మైకును నోటికి సూటిగా కాకుండా పెదవి మూల వైపు, పక్కకు జరపాలి. దూరం 14 తగ్గకూడదు.
2. మైకు ముఖం నోటివైపే చూస్తుండాలి, కానీ మాట దాన్ని దాటుకుని పక్కనుంచి పోవాలి. సుమారు 30 డిగ్రీల కోణం.
3. మైకుకు 6 సెంటీమీటర్ల ముందు నైలాన్ పాప్ ఫిల్టర్. మైకుకు అంటుకునేలా పెడితే గాలి దెబ్బ ఆగదు.

ఇలా తిప్పితే మొత్తం మట్టం పెద్దగా మారలేదు. `Analyze > Plot Spectrum`లో 6,000 నుంచి 8,000 మధ్య సుమారు 3 డెసిబెల్స్ తగ్గింది. భ దెబ్బ పోయింది. 60 డిగ్రీలు తిప్పితే హల్లులు మందగించాయి, "స్వర్ణముఖి"లో వత్తు సరిగా వినబడలేదు. అందుకే 30 దగ్గరే ఆపాం. కరుకు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ అది స దగ్గర కోస్తే కొన్నిసార్లు నాలుక మందమైనట్టు వస్తుంది. కోణంతో తగ్గేది కోణంతోనే తగ్గించాలి.

ఇప్పటివరకు ఖర్చు: 1,100, పాప్ ఫిల్టర్ 300, మొత్తం 1,400 రూపాయలు.

దశ 7: మట్టం తక్కువున్నా మాట పగలడం

కొన్ని పాత ఫైళ్ళలో శిఖరం మైనస్ 8 దగ్గరే ఉన్నా గట్టి మాటలు చిరిగినట్టు వినబడ్డాయి. మీటరు ఎరుపు చూపలేదు, అడాసిటీ క్లిప్పింగ్ గుర్తు కూడా రాలేదు. కారణం, ఆ ఫైళ్ళు చేసినప్పుడు మైకు నాబ్ బాగా పెంచి, విండోస్‌లో మైకు మట్టం మార్చే స్లైడర్ బాగా తగ్గించి ఉండటం. మైకు లోపల గొంతు మొదట పెద్దదై, తర్వాత అంకెలుగా మారి కంప్యూటరుకు వస్తుంది. పగిలింది లోపలే అయితే, స్లైడర్ ఆ పగిలినదాన్నే చిన్నది చేసి ఇస్తుంది.

మీ స్లైడర్ ఏ రకమో ఇలా తేల్చుకోవచ్చు:

1. `Win + R` నొక్కి కింది ఆదేశం ఇచ్చి, `Recording` ట్యాబ్‌లో మైకును తెరిచి `Levels`కు వెళ్ళాలి. అంకె మీద కుడి క్లిక్ చేస్తే డెసిబెల్స్‌లో చూపమని అడగొచ్చు.

```
mmsys.cpl
```

2. నాబ్ పూర్తిగా పెంచి, స్లైడర్ పైన ఉంచి, దగ్గరనుంచి గట్టిగా "ఆ" అనాలి. తరంగం తల చదునుగా తెగాలి.
3. స్లైడర్ 30కి తగ్గించి అంతే గట్టిగా మళ్ళీ అనాలి. తరంగాన్ని పెద్దది చేసి చూడాలి.
4. తల కింది ఎత్తులో కూడా చదునుగానే ఉంటే స్లైడర్ పగుళ్ళను ఆపలేదు, నాబ్ ఒక్కటే ఆపగలదు. తల గుండ్రంగా మారితే స్లైడర్ మైకు లోపలి గెయిన్‌నే తిప్పుతోందని అర్థం.

ఈ మైకు మొదటి రకం. స్లైడర్‌ను 0.0 dB చూపే చోట వదిలేసి, ఇకమీదట నాబ్ ఒక్కటే తిప్పాలని టేపు మీద రాసి మైకుకు అంటించాం. పగిలిన ఫైలును మళ్ళీ చదివించడం తప్ప చక్కటి మందు లేదు.

దశ 8: గది

దూరం తగ్గాక గదితో పని కొంచెమే మిగిలింది. కార్డియాయిడ్ మైకు మాట్లాడేవాళ్ళ వైపు చూస్తుంది కాబట్టి వాళ్ళ వెనక గోడే దానికి ఎదురుగా ఉంటుంది. స్పాంజి ముక్కల్ని మైకు వెనక అంటించడం చాలాచోట్ల కనిపిస్తుంది, అటువైపు మైకు వినేదే తక్కువ. ఇక్కడ మందపాటి బొంతలు రెండు మాట్లాడే మనిషి వెనక దండెం మీద వేలాడదీశాం. గోడకు ఒక జానెడు ఎడం ఉంచితే ఇంకొంచెం ఎక్కువ పీల్చుకుంటుంది. చప్పట్లు కొడితే మోగే తోక కురచబడింది. దుప్పటి ఒక్క పొర వేస్తే పై స్థాయి మాత్రమే తగ్గి, గది గుయ్యిమనడం మిగిలింది.

బొంతలు నిశ్శబ్దం అంకెను మార్చలేదు, పెద్దగా మార్చవు కూడా. ఆ అంకె ఫ్యాన్‌ది. ఫ్యాన్ ఆపితే మైనస్ 66 నుంచి మైనస్ 72కు దిగింది. తిరుపతి ఎండల్లో స్లాబు కింద ఫ్యాన్ లేకుండా గంటసేపు కూర్చోవడం కుదరని పని. అందుకే పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా విడదీసి, తెల్లవారుజామున రికార్డు చేసేలా మార్చారు. ల్యాప్‌టాప్‌ను మైకు వెనకవైపుకు జరిపాం, దాని ఫ్యాన్ మైకు చెవిటి వైపు పడింది.

ఇప్పటివరకు లెక్క: మాట మైనస్ 30, శిఖరం మైనస్ 10, నిశ్శబ్దం మైనస్ 72. తేడా 42. మొదటికన్నా 18 డెసిబెల్స్ ఎక్కువ. అందులో 12 దూరం ఇచ్చింది, 6 ఫ్యాన్ ఆపడం ఇచ్చింది. గెయిన్ వాటా సున్నా. దాని పని శిఖరాన్ని పైకప్పుకు తగలకుండా ఉంచడమే. ఖర్చు 1,400 దగ్గరే ఉంది, బొంతలు ఇంట్లోవే.

దశ 9: వేరే గొంతు కూర్చున్నప్పుడు

ఛందస్సు పాఠాలు చెప్పే మాస్టారు గొంతు పెద్దది. తరగతిలో వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పే అలవాటు. అదే అమరికలో ఆయన శిఖరం మైనస్ 1కి వచ్చింది. "కొంచెం వెనక్కి జరిగి చెప్పండి సార్" అనడం తేలిక, కానీ ఆయన 30 సెంటీమీటర్లకు జరిగితే దశ 4లో సంపాదించిన 12లో సగం పోతుంది, గది మళ్ళీ వినబడుతుంది. దూరం 14 దగ్గరే ఉంచి నాబ్‌ను 9 డెసిబెల్స్ తగ్గించాం.

1. మనిషి మారితే ముందు దూరం పిడికిలితో సరిచూడాలి.
2. పద్యం చదివించి, అందులో ఎక్కువ గట్టిగా వచ్చే పాదం దగ్గర శిఖరం మైనస్ 10 వచ్చేలా నాబ్ తిప్పాలి. మామూలు వచనం చదివించి పెడితే పద్యం దగ్గర పగులుతుంది.
3. ఆ నాబ్ స్థానానికి పెన్సిలుతో గీత గీసి, పక్కన ఎవరిదో రాసుకోవాలి.

మెత్తటి గొంతువాళ్ళు కూర్చుంటే నాబ్ పెంచాలి. అప్పుడు ఫ్యాన్ ఆఫ్‌లో ఉన్నా నిశ్శబ్దం అంకె పైకి లేస్తుంది, గొంతే చిన్నది కాబట్టి తేడా 42 నుంచి 36కు పడొచ్చు. అలాంటివాళ్ళకు మాత్రం దూరాన్ని 10 సెంటీమీటర్లకు తగ్గించి, కోణాన్ని 40 డిగ్రీలకు పెంచితే 3 డెసిబెల్స్ దాకా తిరిగొస్తాయి. బేస్ మరీ ఎక్కువైతే అడాసిటీలో `High-Pass Filter` 80 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలు.